ఒకే కంప్రెషన్ దగ్గర డీజిల్ వెనకబడుతుంది
"డీజిల్ సైకిల్ సామర్థ్యం ఎప్పుడూ పెట్రోల్ సైకిల్ కంటే ఎక్కువే" అన్నది ఒకే కంప్రెషన్ నిష్పత్తి దగ్గర నిలబడదు. నిష్పత్తి 18, గాలి విశిష్టోష్ణాల నిష్పత్తి అయిన గామా 1.4 అనుకుంటే పెట్రోల్ ఇంజిన్ నడిచే ఒట్టో సైకిల్‌కు 68.5 శాతం వస్తుంది. డీజిల్‌కు కటాఫ్ నిష్పత్తి, అంటే వేడి చేరడం మొదలైనప్పటి నుంచి ఆగేసరికి ఘనపరిమాణం ఎన్ని రెట్లయిందన్నది, 2 అయితే 63.2, 3 అయితే 58.9 శాతమే. డీజిల్‌లో పిస్టన్ దిగుతుండగా కూడా వేడి చేరుతూనే ఉంటుంది. కటాఫ్ 2 దగ్గర, చివర్లో చేరిన వేడికి వ్యాకోచించడానికి 18 రెట్లు కాదు, 9 రెట్లే మిగులుతుంది. అనంతపురంలో మా డిప్లొమా పిల్లలు కూడా ఇక్కడే తడబడతారు. ఇంధనం తనంతట తానే మండిపోయే నాకింగ్ వల్ల పెట్రోల్ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి సాధారణంగా 10 చుట్టూ ఆగిపోతుంది, అక్కడ లెక్క 60.2 శాతం. డీజిల్ గెలిచేది ఎక్కువ కంప్రెషన్ తట్టుకోవడం వల్లే, అదీ కటాఫ్ చిన్నగా ఉన్నంతవరకే. మన చేలల్లో ట్రాక్టర్ తక్కువ లోడ్‌తో నడిస్తే కటాఫ్ తగ్గి, ఆదర్శ సామర్థ్యం ఒట్టోకు దగ్గరవుతుంది.