టీకా గడ్డను పిసకొద్దు

నెలన్నర పాపకు ఎడమ తొడలో పెంటావాలెంట్ టీకా వేయించిన రాత్రి కాస్త జ్వరం, వాపు. మూడో రోజుకు రెండూ తగ్గాయి. చేత్తో తడిమితే మాత్రం చర్మం కింద శనగగింజంత ముద్ద గట్టిగా తగులుతోంది. పదో వారం రెండో డోసుకు బయల్దేరే నాటికీ అది అక్కడే ఉంది. నొక్కితే పాప ఏడవడం లేదు, పైచర్మం ఎర్రబడలేదు, ముద్ద పెరగలేదు. ఇలాంటి గడ్డకు వైద్యం అక్కర్లేదు. కొన్ని వారాలకో, ఒక్కోసారి రెండు మూడు నెలలకో అదే కరిగిపోతుంది.

ఈ టీకా బాగా పనిచేయడానికి అందులో కొద్దిగా అల్యూమినియం లవణం కలుపుతారు. అది పడిన చోట శరీరం స్పందించి గట్టిపడుతుంది. సూది కండ దాకా దిగక పైకొవ్వులోనే ఆగితే గడ్డ కట్టే అవకాశం ఇంకా ఎక్కువ.

ఇంట్లో పెద్దలు ఊరుకోరు. ఉప్పు మూట కాపడం, ఆముదంతో మర్దన మొదలవుతాయి. పసిచర్మం ఇట్టే కాలుతుంది, పిసికితే వాపు పెరుగుతుంది. మొదటి రోజు చల్లటి తడిగుడ్డ వేస్తే చాలు. గడ్డ ఉందని రెండో డోసు ఆపనక్కర్లేదు. సూది వేసే ముందు ఏఎన్‌ఎంకు చూపిస్తే అంగుళం పక్కన వేస్తారు.

మూడో రోజు దాటాక వాపు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, ఎర్రగా వేడిగా ఉండి ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తున్నా, కాలు కదపకపోయినా, మళ్లీ జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. అది చీము గడ్డ కావచ్చు. నొప్పి, వేడి లేకున్నా గడ్డ మెత్తబడి లోపల నీరు కదిలినట్టుంటే, మూడు నెలలైనా చిన్నది కాకుంటే కూడా చూపించాలి. సూదితో గుచ్చడం, నొక్కి చీము తీయడం ఇంట్లో చేసే పనులు కావు.

ఇదే వయసులో ఎడమ భుజం మీద బీసీజీ పొక్కు చీముపట్టి పుండవుతుంది. అది మామూలే, మందు రాయక్కర్లేదు. ఆ వైపు చంకలో గడ్డ పెరుగుతుంటే మాత్రం డాక్టరు చూడాలి.

ఒకే రోజు, ఒకే కేంద్రంలో టీకా వేయించుకున్న ఇద్దరు ముగ్గురు పిల్లలకు చీము గడ్డలు వస్తే లోపం పిల్లల్లో వెతకకూడదు. సీసా మూత కలుషితమైందా, టీకా అతి చలికి గడ్డకట్టిందా అన్నది చూడాలి. అల్యూమినియం ఉన్న టీకా ఒకసారి గడ్డకడితే పాడైనట్టే, కరిగించి వాడకూడదు. అందుకే ఏఎన్‌ఎం చీము గడ్డ సంగతిని కార్డు మీద రాసి వదిలేయకుండా పీహెచ్‌సీ వైద్యాధికారికి తెలపాలి. టీకా తేదీ, సీసా బ్యాచ్ నంబరు కూడా చేర్చాలి.