-రికం, -తనం: ఒక తప్పుడు లెక్కకు జవాబు

«ఏ ప్రత్యయం సజీవమో తేల్చడానికి పండితులు అక్కర్లేదు. ఒకే కార్పస్‌లో -తనం 10,000 సార్లు వచ్చింది, వేరువేరు మాటలు 400, ఒక్కసారే వచ్చినవి 100. -రికం 500 సార్లు వచ్చింది, వేరువేరు మాటలు 30, ఒక్కసారే వచ్చినవి 10. భాగించండి: 0.01కి 0.02! టైపు-టోకెను నిష్పత్తీ అంతే: 0.04కి 0.06. ఒక్కసారే వచ్చినవంటే కొత్తగా పుట్టిన మాటలే కదా. -రికం రెట్టింపు సజీవం. అందరికీ పంపండి.»

పంపారు. ఒకే వారంలో నలుగురు మిత్రులు నాకే పంపారు. వారిలో ఇద్దరు భాషాశాస్త్రం చదువుకున్నవారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. అంకెలు ఏ కార్పస్‌లోవో, అంటే ఏ పాఠాల సేకరణలోవో, సందేశంలో లేదు. అవి నిజమైనవేనని అనుకొనే మాట్లాడతాను, ఎందుకంటే ఆ అంకెలతోనే ఈ వాదన కూలిపోతుంది.

ముందు చిన్న విషయం. హపాక్స్, అంటే కార్పస్‌లో ఒక్కసారే కనిపించిన మాట, కొత్తగా పుట్టినదే కానక్కర్లేదు. తాతల నాటి మాట కూడా ఆ కార్పస్‌లో ఒక్కసారే తగలవచ్చు. హపాక్స్‌ల విలువ వాటి వయసులో లేదు. ఇంతవరకూ కనిపించని మాట తర్వాత ఎదురయ్యే అవకాశం ఎంతో అవి అంచనా కట్టిస్తాయి. భాషాశాస్త్రవేత్త హరాల్డ్ బాయెన్ ఇచ్చిన ఉత్పాదకత సూత్రానికి, అంటే ప్రత్యయం కొత్త మాటలు పుట్టించే శక్తిని కొలిచే సూత్రానికి, ఆధారం ఆ అంచనాయే. వేరువేరు మాటలను మొత్తం ప్రయోగాలతో భాగించే టైపు-టోకెను నిష్పత్తి గురించి ఒక్క వాక్యం చాలు: మాదిరి పెరిగేకొద్దీ అది తగ్గుతూ పోతుంది కనుక, 500 ప్రయోగాలున్న ప్రత్యయాన్ని 10,000 ప్రయోగాలున్న దానితో ఆ నిష్పత్తిలో పోల్చడం కొలత కాదు.

అసలు హాని చేసే తప్పు కూడా ఇదే, కాకపోతే హపాక్స్ సూత్రం వెనక దాక్కుని ఉంది. బాయెన్ చెప్పిన P విలువ హపాక్స్‌లను ఆ ప్రత్యయపు మొత్తం ప్రయోగాలతో భాగించగా వచ్చేది. ఇన్ని ప్రయోగాలు చూశాక తర్వాతి ప్రయోగం అంతవరకూ చూడని మాట కావడానికి ఎంత అవకాశం ఉందో అది చెబుతుంది. «ఇన్ని చూశాక» అన్న షరతే ప్రాణం. ఏ ప్రత్యయానికైనా తొలి వంద ప్రయోగాల్లో చాలా మాటలు కొత్తగానే ఉంటాయి, పది వేలు దాటాక కొత్తవి అరుదవుతాయి. ఇప్పుడే పరుగు మొదలుపెట్టినవాడి వేగాన్ని పది కోసులు పరుగెత్తి వచ్చినవాడి వేగంతో పోల్చి, మొదటివాడికి పతకం వేయడం లాంటిది ఈ సందేశం చేసిన పని.

సమాన దూరంలో కొలిస్తే ఏమవుతుందో చేత్తోనే చూడవచ్చు. -తనం ప్రయోగాలు 10,000 నుంచి 500 మాత్రమే యాదృచ్ఛికంగా ఏరుకుందాం, అంటే ఇరవయ్యో వంతు. పెద్ద మాదిరిలో ఒక్కసారే వచ్చిన 100 మాటల్లో సగటున 5 ఇందులోకి వస్తాయి. అంతటితో ఆగితే -తనం ఓడినట్టే కనిపిస్తుంది. కానీ పెద్ద మాదిరిలో పది నుంచి నలభై సార్లు వచ్చిన మాటలున్నాయి చూడండి, వాటిలో చాలా ఈ చిన్న మాదిరిలో ఒక్కసారే కనిపిస్తాయి. f సార్లు వచ్చిన మాటకు ఆ అవకాశం సుమారుగా ఇది:

```
f × 0.05 × 0.95^(f−1)
```

f విలువ 10 అయితే 0.32, 20 అయితే 0.38, 40 అయితే 0.27. మిగిలిన 300 మాటల్లో అలాంటివి 100 ఉన్నాయనుకుంటే, వాటి నుంచే సగటున 27కు తగ్గకుండా హపాక్స్‌లు వస్తాయి. ముందటి 5 కలిపితే 32, దాన్ని 500తో భాగిస్తే 0.064. -రికం 0.02 దగ్గరే నిలబడి ఉంది. రెట్టింపు సజీవమన్నది మూడో వంతుకు పడిపోయింది. భాషాశాస్త్రవేత్తలు లివియో గయేటా, డేవిడె రికా 2006లో ఇటాలియన్ ప్రత్యయాల విషయంలో పట్టుబట్టింది ఇందుకే: P విలువలను సమాన ప్రయోగసంఖ్య దగ్గరే పోల్చాలి. అంత శ్రమ వద్దనుకుంటే బాయెన్‌దే ఇంకో కొలత ఉంది, కార్పస్‌లోని మొత్తం హపాక్స్‌లలో ఈ ప్రత్యయం వాటా ఎంత అని. అక్కడ హారం ఇద్దరికీ ఒకటే కనుక పోలిక 100కి 10. సందేశం రాసినవారి దగ్గర ఈ రెండు అంకెలూ ఉన్నాయి. పాపం, వాటిని పక్కపక్కన పెట్టే తీరిక దొరకలేదేమో.

ఆ 30 మాటల సంగతి కూడా చూడాలి. పేదరికం, బీదరికం, పెద్దరికం, చుట్టరికం, కన్నెరికం, ఇల్లరికం అంటూ నేను ఎంత తవ్వినా ముప్పై దరిదాపులకు చేరలేదు. నాకు వచ్చిన ఒక ఫార్వర్డ్‌తో జాబితా కూడా ఉంది, అది చూశాక అర్థమైంది: పేదరికంలోంచే, పేదరికమంటేనే, పెద్దరికంగానైనా, ఇల్లరికానికైతే. విభక్తులనూ అవధారణలనూ విడదీయకుండా ప్రతి రూపాన్నీ ఒక టైపుగా లెక్కపెట్టారు. అలా అయితే తెలుగులో చచ్చిన ప్రత్యయమంటూ ఉండదు, «ఏ» చేరిస్తే చాలు, లేచి కూర్చుంటుంది. ఈ నాలుగింటినీ మూలరూపాలకు తెస్తే మిగిలేవి పేదరికం, పెద్దరికం, ఇల్లరికం, వాటిలో ఏదీ హపాక్స్ కాదు.

ఇక్కడ నేనూ ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట -తనం లెక్కపెట్టినప్పుడు నేను చేసిందీ అక్షరాల వెతుకులాటే, అందులో వేతనం, పతనం, పురాతనం వచ్చి కూర్చున్నాయి. వేతనం వార్తల్లో ఎన్ని సార్లు వస్తుందో చెప్పనక్కర్లేదు. హారం ఉబ్బి, -తనం P విలువ నా చేతుల్లోనే పడిపోయింది. పెత్తనం కూడా లెక్కలోకి వచ్చింది కానీ, అది «పెద్ద» నుంచి పుట్టినదని ఆ వెతుకులాట చెప్పలేదు, ఎందుకంటే అక్కడ «పెద్ద» రూపం మారి -తనంతో కలిసిపోయింది. సందేశంలోని 10,000లో కూడా ఈ వేతనాలు ఉండవచ్చని నా అనుమానం.

వీటన్నిటినీ సరిదిద్దినా ఒక చిక్కు మిగులుతుంది. ఈ రెండు ప్రత్యయాలూ కొన్ని ప్రాతిపదికల కోసం, అంటే తాము చేరే మూలపదాల కోసం, పోటీ పడుతున్నాయి. పేదరికం స్థిరపడి ఉంది కనుక పేదతనం అరుదుగా వస్తుంది, కార్పస్‌లో ఒక్కసారే రావచ్చు కూడా. అప్పుడది -తనం ఖాతాలో హపాక్స్‌గా పడుతుంది, అంటే ఆ ప్రాతిపదిక దగ్గర ఓడిపోయినందుకే దానికి ఒక మార్కు. అందుకని పోటీ ఉన్న ప్రాతిపదికలను వేరుచేసి, ఒక్కొక్క దాని దగ్గర ఏ రూపం ఎన్ని సార్లు వచ్చిందో విడిగా లెక్కించాలి. అక్కడా అర్థం చూడాలి: పెద్దరికం, పెద్దతనం, పెత్తనం మూడూ «పెద్ద» నుంచే వచ్చినా ఒకదాని చోట ఇంకొకటి నిలవదు, కాబట్టి అది పోటీ కాదు, పంపకం. ఈ విడి లెక్కలో «పేద», «బీద» దగ్గర -రికానిదే పైచేయి అని నేను సందేహం లేకుండా ఒప్పుకుంటాను. సందేశం రాసినవారు ఆ ఒక్క మాట చెప్పి ఆగి ఉంటే నేను కూడా నలుగురికి పంపేవాణ్ణి.

ఉత్పాదకత తేలేది మాత్రం ఇద్దరిలో ఎవరూ ఇంకా స్థిరపడని ప్రాతిపదికల దగ్గర. హపాక్స్‌లలో అలాంటివాటిని ఏరి, అవి ఎవరి వైపు వెళ్లాయో చూడాలి. «ఇంగ్లీషుతనం» అని ఎవరైనా మొదటిసారి అంటే వినేవారికి అర్థమైపోతుంది. «ఇంగ్లీషురికం» అంటే ఏమన్నారని మళ్లీ అడుగుతారు.