సవరణ: స్పర్శ లేని పాలిపోయిన మచ్చ

“మచ్చలో దురద లేదు, నొప్పీ లేదు, కాబట్టి కొన్నాళ్లు ఆగి చూడవచ్చు.”

ఈ వాక్యాన్ని ఇలా సరిదిద్ది చదువుకోవాలి: పాలిపోయిన మచ్చలో స్పర్శ కూడా తెలియకపోతే, కుష్ఠు క్రిమి అక్కడి నరాలను అప్పటికే దెబ్బతీసిందని అనుమానించి, ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. అక్కడ కళ్లు మూయించి, సన్నని దూది పోగును మొదట మామూలు చర్మంపై, తర్వాత మచ్చపై తాకించి, తాకిన చోటును వేలితో చూపమంటారు. మచ్చను తాకినప్పుడు వేలు కదలకపోతే అది బలమైన ఆధారం. ముఖం మీది మచ్చలో మాత్రం స్పర్శ మిగిలే ఉండవచ్చు కనుక, తెలిసింది కదా అని వదిలేయడం సరికాదు. వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్స క్రిమిని చంపుతుంది గానీ, చాలాకాలంగా చచ్చుబడిన నరానికి ప్రాణం పోయలేదు. అందుకే మందులు వాడుతుండగానైనా చిటికెన వేలు కొత్తగా మొద్దుబారితే వెంటనే చెప్పాలి. నరం వాపును మొదట్లోనే స్టెరాయిడ్లతో తగ్గించే వీలుంటుంది.