గంట అదనంగా ఇస్తే సరిపోతుందా? ముందు చరిత్ర ప్రశ్న చూడండి

మా నల్గొండ బడుల్లో ఇలాంటి పిల్లవాడు ఎక్కడో ఒకచోట తగులుతాడు. 1946 జూలై 4న కడివెండిలో ఏం జరిగిందో చెప్పమంటే దొడ్డి కొమరయ్య గురించి, వెట్టిచాకిరీ గురించి ఆగకుండా చెప్తాడు, కానీ పేపర్ మీద మూడు లైన్లే కనిపిస్తాయి. నోటితో చెప్పింది రాతలో లేదంటే సమస్య చరిత్ర రాకపోవడం కాదు, చదవడంలోనో రాయడంలోనో ఉంది. ఐదు నిమిషాలు ఒక పేరా చూసి రాయించండి, రాత ఎంత నెమ్మదో తెలిసిపోతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలా చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియాను గుర్తించింది. గంటకు 20 నిమిషాలు అదనం అనేది కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది, అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. మంచిదే. అయితే లెక్క వేయండి. మిగతావాళ్లు నిమిషానికి 15 పదాలు, మనవాడు 7 రాస్తాడనుకుందాం. 120 పదాల జవాబుకు వాళ్లకు 8 నిమిషాలు, వీడికి 17. మనం ఇచ్చేది మూడో వంతు ఎక్కువ, వాడికి కావాల్సింది రెట్టింపు!

ఆ లోటును కొంతైనా పూడ్చేది పేపర్ తయారు చేసే తీరే. ‘వెట్టిచాకిరీ, దొరల పెత్తనం, నిజాం పాలనపై పెరిగిన అసంతృప్తి తెలంగాణ సాయుధ పోరాటంగా మారడానికి గల కారణాలను పేర్కొంటూ దాని పరిణామాలను చర్చించండి’ అని అడిగితే ఒకే వాక్యంలో రెండు పనులున్నాయి. పైగా చిన్న అక్షరాలు, ఇరుకు లైన్లు అయితే వత్తులు కింది లైనుకు తగులుతాయి, ప-ష, మ-య కలిసిపోతాయి, వాడు అదే వాక్యాన్ని నాలుగుసార్లు చదువుతాడు. అదనపు టైం అక్కడే అయిపోతుంది.

దాన్నే విడగొట్టి ‘(అ) పోరాటానికి రెండు కారణాలు రాయండి, 4 మార్కులు’, కింద కొత్త లైనులో ‘(ఆ) దాని పరిణామాల్లో ఏది ఎక్కువ ముఖ్యం? ఎందుకు? 4 మార్కులు’ అని 14 పాయింట్ల అక్షరాల్లో, లైన్ల మధ్య ఎడం పెట్టి, ప్రశ్న పేజీ మారకుండా అచ్చువేస్తే చాలు. ‘లేదా’ ప్రశ్నకు వేరే గడి, మ్యాపుకు వేరే పేజీ. కారణాలను పాయింట్లుగా రాసినా మార్కులు పడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. విడగొట్టే క్రమంలో ‘ఎందుకు’ను తీసేసి తేదీలు, పేర్లు మాత్రమే అడిగితే పేపర్ తేలికవుతుంది గానీ అది చరిత్ర పరీక్ష కాదు. పిల్లవాడి మీద జాలితో ప్రశ్నలోనే జవాబు ఇరికించడమూ తప్పే. తగ్గించాల్సింది చదివే భారం, ఆలోచన కాదు.

వైకల్య సర్టిఫికెట్ లేదు కదా అనే మాట వస్తుంది. 40 శాతం వైకల్యం ఉంటేనే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ ఇస్తామనడం కుదరదని 2021లో సుప్రీంకోర్టు, రాయడానికి ఇబ్బంది పడే ఒక అభ్యర్థి కేసులోనే చెప్పింది. బోర్డు పరీక్షకు అయితే కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి, మార్చి దాకా ఆగితే కష్టం. బడిలో పెట్టే పరీక్షలకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఈ పేపర్‌ను తరగతి మొత్తానికి ఇవ్వొచ్చు. అప్పుడు ఎవరికీ వేరే పేపర్ ఇచ్చారన్న మాటే రాదు.