రెండు డిగ్రీల వంపు, డెబ్భై ఎనిమిది శాతం

గాజువాకలో ఒక వెల్డరు ఇంటర్మీడియట్‌ను ఒక్క ఏడాదిలో, 78 శాతం మార్కులతో పూర్తి చేశాడు. ఈ ఘనత అతనికి తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. ఇంటర్ బోర్డుకైతే అసలే తెలియదు. దీన్ని కనిపెట్టింది ఒక కాంట్రాక్టరు ఆఫీసులోని సాఫ్ట్‌వేర్. అచ్చయిన రెజ్యూమెను ఫోన్‌తో ఫొటో తీసి అందులో పడేస్తే చాలు, చదువు, పని అనుభవం, నైపుణ్యాలు అంటూ ఏ గడిలో పడాల్సినవి ఆ గడిలో అదే నింపేస్తుంది.

ఫైలే పంపొచ్చు కదా అనేవాళ్లకు మన ఊరి సంగతి తెలియదన్నమాట. వెల్డరు రెజ్యూమె జెరాక్స్ షాపు కంప్యూటరులో పుడుతుంది, ఆ కంప్యూటరు ఫార్మాట్ అయిన రోజున పోతుంది. మిగిలేది నాలుగు ప్రింట్లు. అందులో ఒకదాన్ని సూపర్‌వైజరు టేబుల్ మీద పరిచి, ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఫొటో తీశాడు. ఆ ఫొటోలో కాగితం కుడివైపుకి రెండే రెండు డిగ్రీలు వంగింది. కంటికి ఆనదు, కానీ చరిత్ర మారడానికి అది చాలు.

ఎలాగో చెబుతాను. రెజ్యూమెలో చదువు పట్టిక ఇలా ఉంది: ఐటీఐ వెల్డర్, 2014, 78 శాతం. ఇంటర్, 2013, 54 శాతం. పదో తరగతి, 2011, 67 శాతం. పైన శీర్షికల వరస. గీతలుంటే బాగోదని షాపువాడు గీతలు తీసేశాడు. గీతలుంటే యంత్రం ఏ గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాటిని బట్టే పోల్చుకునేది. లేవు కాబట్టి ముందు ప్రతి మాటనూ చదివి, అది కాగితం మీద ఎంత ఎత్తులో ఉందో రాసుకుంటుంది. ఆ తర్వాత ఒకే ఎత్తులో ఉన్న మాటలన్నీ ఒకే వరసకి చెందుతాయని తీర్మానిస్తుంది.

కాగితం నిటారుగా ఉంటే ఈ తీర్మానంలో దోషం లేదు. రెండు డిగ్రీలు వంగితే మాత్రం కుడివైపుకి జరిగే ప్రతి అంగుళానికీ అక్షరం 0.035 అంగుళం కిందికి దిగుతుంది. మొదటి నిలువు వరస నుంచి శాతాల వరసకి ఆరు అంగుళాల దూరం. అంటే 0.21 అంగుళం దిగింది. పన్నెండు పాయింట్ల అక్షరాలతో, ఎడం లేకుండా కొట్టిన కాగితంలో ఒక వరసకీ దాని కింది వరసకీ మధ్య ఉండేది సుమారు 0.2 అంగుళం. శాతాలన్నీ సరిగ్గా ఒక మెట్టు దిగిపోయాయి. నాలుగు అంగుళాల దూరంలో ఉన్న సంవత్సరాలు 0.14 దిగాయి. అది సగం మెట్టు దాటింది గనక అవి కూడా కింది వరసకే దగ్గరయ్యాయి. చదువుల పేర్లు ఎడమవైపే ఉండబట్టి కదల్లేదు.

ఫలితం ఇదీ:

```
{"exam": "ITI",   "year": null, "percent": null}
{"exam": "Inter", "year": 2014, "percent": 78}
{"exam": "SSC",   "year": 2013, "percent": 54}
```

ఐటీఐ పక్కకి "సంవత్సరం", "శాతం" అనే శీర్షికలే వచ్చి కూర్చున్నాయి. అంకెల గడిలో మాటలకు చోటు లేదు కాబట్టి ఖాళీ. పదో తరగతి అసలు అంకెలు దిక్కులేక కిందికి జారి, "టెక్నికల్ స్కిల్స్" అన్న శీర్షిక పక్కన చేరాయి. ఆ విధంగా మన వెల్డరు మొదటి నైపుణ్యం 2011, రెండోది 67.

ఇందులో సాఫ్ట్‌వేర్‌ని తప్పుపట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చదివిన ప్రతి అంకె పక్కనా అది తన నమ్మకం ఎంతో రాసింది: 98 శాతం. అందులో అబద్ధం లేదు. ఏడు ఏడే, ఎనిమిది ఎనిమిదే. ఆ 78 ఎవరిదని దాన్ని ఎవరూ అడగలేదు. నమ్మకం తగ్గినవాటినే మనిషికి చూపించమన్నది ఆఫీసు నియమం. ఇక్కడ నమ్మకం ఎక్కడా తగ్గలేదు. కనుక మనిషి దాకా రాలేదు. నియమం ప్రకారం తప్పు కాగితానిదే.

అయినా కొందరు చాదస్తులు ఉంటారు. వరసలు కట్టే ముందే కాగితాన్ని నిటారు చేయాలంటారు. అచ్చు వరసల అడుగున గీత గీసినట్టు ఊహించి, దాని వంపు ఎంతో కొలిచి, ఫొటోను అంతే వెనక్కి తిప్పాలట. పక్కనుంచి తీసిన ఫొటోలో కాగితం ఒకవైపు కుంచించుకుపోతుంది గనక తిప్పడం ఒక్కటే చాలదు, నాలుగు మూలలూ పట్టుకుని దీర్ఘచతురస్రంగా లాగాలట. సూపర్‌వైజరు బొటనవేలు ఆక్రమించిన మూల సంగతి మాత్రం వాళ్లు చెప్పరు. పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య రెండేళ్లకంటే తక్కువ ఉంటే ఆగి చూడమంటారు. పై వరస ఖాళీగా ఉండి, పట్టిక కింద దిక్కులేని అంకెలు కనబడితే వరస మొత్తం జారిందని గ్రహించమంటారు. పైపెచ్చు, ప్రతి గడి పక్కనా ఫొటోలోని ఆ ముక్కను కత్తిరించి చూపిస్తే గుమాస్తా ఒక్క చూపుతో పట్టేస్తాడట. గుమాస్తా అక్కర్లేదనే కదా దీన్ని కొన్నది!

ఇక నైపుణ్యాలు. కాగితంలో స్పష్టంగా "6G" అని ఉంది. ఈసారి చదవడంలోనూ పొరపాటు లేదు, చోటులోనూ లేదు. కానీ సాఫ్ట్‌వేర్ దగ్గరున్న నైపుణ్యాల జాబితాను ఐటీ ఉద్యోగాల కోసం తయారు చేశారు. అందులో ఆ మాట మొబైల్ నెట్‌వర్కుల కింద ఉంది. దాంతో దేశానికి ఇంకా రాని నెట్‌వర్కులో మనవాడు ముందే నిపుణుడైపోయాడు. వెల్డర్లకు 6జి అంటే 45 డిగ్రీలు వంచి బిగించిన పైపును, కదపకుండా, తనే చుట్టూ తిరుగుతూ అతకడం. ఆ పరీక్ష పాసైతే రిఫైనరీ పైపుల పనికి పిలుపు వస్తుంది. 45 డిగ్రీల వంపులో చెయ్యి వణకనివాడి కాగితాన్ని రెండు డిగ్రీల వంపు బోల్తా కొట్టించింది.

పని అనుభవంలో ఇంకో చిక్కుంది. దీనికి నిటారు ఫొటో కూడా మందు కాదు. మన దగ్గర వెల్డరు పనిచేసే చోటు స్టీల్‌ప్లాంటో, షిప్‌యార్డో. జీతం ఇచ్చేవాడు సబ్ కాంట్రాక్టరు. మధ్యలో పెద్ద కాంట్రాక్టరు. రెజ్యూమెలో ఈ ముగ్గురూ ఒకే వరసలో ఉంటారు, లావు అక్షరాల్లో మాత్రం స్టీల్‌ప్లాంటే ఉంటుంది. గడేమో ఒక్కటే: యజమాని. సాఫ్ట్‌వేర్ లావు అక్షరాలకే ఓటేసింది. నెలన్నర షట్‌డౌన్ పనికి వెళ్లివచ్చినవాడు ప్లాంటు ఉద్యోగిగా నమోదయ్యాడు. పర్మినెంట్ కోసం ధర్నాలు చేసినవాళ్లు ఈ మార్గం గమనించాలి.

చివరి ఉద్యోగం దగ్గర "2019 టు టిల్ డేట్" అని ఉంది. ముగింపు తేదీ గడిలో ఏం వేయాలి? ఫొటో ఎక్కించిన రోజు వేసేసింది. నిజానికి ఆ "టిల్ డేట్" రెజ్యూమె రాసిన రోజుకి లెక్క. అది తెలియాలంటే కాగితం అడుగున ఉండే డిక్లరేషన్ చూడాలి. పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేసే చోటు అది. చూశాను. స్థలం: విశాఖపట్నం. తేదీ: చుక్కలు. ప్రింటు ఎప్పుడైనా పనికొస్తుందని షాపువాడే ఖాళీ వదిలాడట.