డాలరు దారిలో ఎక్కడ కరిగింది?

గుంటూరులో ఇంటి నుంచే అమెరికా కంపెనీకి వెబ్‌సైట్లు తయారుచేసి పెట్టే ఒక అమ్మాయి 2,000 డాలర్లకు ఇన్వాయిస్ పంపిందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఆ రోజు మార్కెట్లో డాలరు 85 రూపాయలనుకుందాం. అంటే 1,70,000 రావాలి. ఖాతాలో పడింది 1,64,855. మిగతా 5,145 రూపాయలు ఏమయ్యాయి?

స్టేట్‌మెంట్‌లో కనిపించే కోతలు రెండే. విదేశీ సొమ్ము జమ చేసినందుకు జీఎస్టీతో కలిపి 236 రూపాయలు, డాలర్లను రూపాయలుగా మార్చినందుకు జీఎస్టీ 239. రెండూ కలిపినా 475 దాటలేదు. అసలు నష్టం ఈ కోతల కంటే ముందే జరిగిపోయింది. దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు తీసుకుని 1,980 మాత్రమే ముందుకు పంపింది. అక్కడ పోయింది 1,700. తర్వాత మన బ్యాంకు ఆ డాలర్లను 85కి కాక 83.50కి కొన్నది. అక్కడ పోయింది 2,970. ఇది ఫీజు కాదు, రేటు. అందుకే ఏ రసీదులోనూ ఫీజుగా కనిపించదు. ‘జీరో ఫీజు’ అని ప్రకటించుకునే సంస్థను కూడా ముందు అడగాల్సింది రేటు గురించే.

ఎంత పోయిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బ్యాంకు చేతికందిన డాలర్లు ఎన్నో, వాటికి కట్టిన రూపాయలు ఎన్నో చూసి భాగిస్తే నిజమైన రేటు బయటపడుతుంది. దాన్ని ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ మార్కెట్ ధరల ఆధారంగా ప్రతి పనిదినం ప్రకటించే రిఫరెన్స్ రేటుతో పోల్చాలి. ఇన్వాయిస్ మొత్తం కంటే తక్కువ డాలర్లు వస్తే క్లయింటును స్విఫ్ట్ కాపీ, అంటే వారి బ్యాంకు పంపిన చెల్లింపు సందేశం ప్రతి, అడగాలి. అందులో ఛార్జీల దగ్గర ‘SHA’ అని ఉంటే పంపినవారి బ్యాంకు ఛార్జీలు వారివి, దారి ఖర్చులు మనవి. ‘BEN’ అయితే అన్నీ మన నెత్తినే. ‘OUR’ అయితే అన్నీ పంపినవారివి. ఈ ఒక్క మాట బేరం కుదిరేటప్పుడే తేల్చుకుని ఇన్వాయిస్‌లో రాసుకుంటే పై ఉదాహరణలోని 1,700 మిగిలేవి. సొమ్ము వచ్చాక అడిగితే క్లయింటుకూ ఇబ్బందే, మనకూ మొహమాటమే.

రేటు విషయంలోనూ నోరు తెరిచి అడగాలి. అడగని ఖాతాదారుకు బ్యాంకు మామూలుగా ఇచ్చేది తన కార్డ్ రేటు, అంటే ఆ రోజుకు తన పట్టికలో ప్రకటించిన రేటు. డబ్బు రాకముందే ఫారెక్స్ విభాగంతో మాట్లాడితే కొంత మెరుగైన రేటు దొరికే అవకాశం ఉంది. అమెరికాలోని స్థానిక ఖాతా నంబరు ఇచ్చి అక్కడే డాలర్లు తీసుకునే సేవలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో మధ్యవర్తి బ్యాంకు బెడద సాధారణంగా ఉండదు. అయితే చేరేముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఆ సంస్థకు రిజర్వు బ్యాంకు అనుమతి ఉందా, ప్రతి చెల్లింపుకూ విదేశీ సొమ్ము అందినట్లు ధ్రువపత్రం ఇస్తుందా? జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసి పన్ను కట్టకుండా సేవలు ఎగుమతి చేస్తున్నప్పుడు, సొమ్ము విదేశీ మారకంలో వచ్చిందని చూపేది ఆ కాగితమే. రేటులో నాలుగు రూపాయలు కలిసొచ్చాయని చూసుకుని ఈ కాగితం వదులుకుంటే రేపు నోటీసు వచ్చాక టెన్షన్ పడాలి.

ఇంత లెక్క ఆ అమ్మాయి ఎందుకు వేసుకోవాలన్నది మా ప్రశ్న. పెద్ద ఎగుమతిదారుకు రేటు బేరమాడే మనుషులుంటారు. నెలకు రెండు వేల డాలర్లు సంపాదించేవారికి ఎవరున్నారు? యూరోపియన్ యూనియన్‌లో 2020 ఏప్రిల్ నుంచి కార్డు చెల్లింపుల్లో కరెన్సీ మార్పిడి భారం యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు కంటే ఎంత శాతం ఎక్కువో వినియోగదారుకు చెప్పి తీరాలి. మన దగ్గరికి వచ్చే విదేశీ సొమ్ముకూ అలాంటి నిబంధన ఉండాలి. డబ్బు జమ అయినప్పుడు వచ్చే ఎస్ఎంఎస్‌లోనే వచ్చిన డాలర్లు, ఆ రోజు రిఫరెన్స్ రేటు, బ్యాంకు ఇచ్చిన రేటు, రెండింటి మధ్య తేడా రూపాయల్లో కనిపించాలి. ఈ వివరాలన్నీ బ్యాంకు కంప్యూటర్లో ఇప్పటికే ఉన్నవే. వాటిని ఖాతాదారుకు చూపించమని రిజర్వు బ్యాంకు ఆదేశించాలని కోరుతున్నాం.