‘స్టాటిన్ పడదు’ అని రాసేముందు

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టిన మూడో వారంలో తొడలు పట్టేశాయంటే, నేరం మాత్రదేనని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. డాక్టరు కూడా ఫైలులో ‘స్టాటిన్ పడదు’ అని రాసేస్తే ఆ ముద్ర ఇక చెరగదు. అలా రాసేముందు నింద నిజమో కాదో పరీక్షించి తీరాలన్నది మా అభిప్రాయం.

బ్రిటన్‌లో జరిగిన ‘శామ్సన్’ అధ్యయనం 2020లో వెలువడింది. బాధలు తట్టుకోలేక స్టాటిన్ మానేసిన 60 మందికి నెలకో సీసా ఇచ్చారు. నాలుగు సీసాల్లో స్టాటిన్, నాలుగింటిలో మందులేని ఉత్తుత్తి మాత్ర, మిగతా నాలుగూ ఖాళీ. బాధకు రోజూ వందకు ఇన్నని మార్కులు వేసుకోమన్నారు. సగటున ఖాళీ సీసా నెలల్లో 8, ఉత్తుత్తి మాత్రకు 15.4, స్టాటిన్‌కు 16.3 వచ్చాయి. నొప్పి అబద్ధం కాదు. కానీ అందులో చాలా భాగం మందు తెచ్చింది కాదు, మందు మింగుతున్నామన్న టెన్షన్ తెచ్చింది.

అలాగని అందరిదీ భయమే అనడమూ తప్పే. రెండు తొడల్లోనూ, రెండు భుజాల్లోనూ ఒకేలా నొప్పి వచ్చి, మాత్ర ఆపిన కొన్ని వారాల్లో తగ్గి, మళ్లీ వేసుకుంటే తిరిగొస్తే అనుమానం బలపడుతుంది. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైమ్ చూడాలి. థైరాయిడ్ మందగించినా ఇవే నొప్పులు వస్తాయి కాబట్టి అదీ చూడాలి. కండరాలు బాగా నీరసించి, మూత్రం ముదురు రంగులోకి మారితే మాత్రం ఆలస్యం చేయకూడదు. వెంటనే మాత్ర ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

పరీక్షలో నింద నిజమని తేలినా స్టాటిన్‌ను పూర్తిగా వదిలేయనక్కర్లేదు. గుండెపోటు వచ్చిన ఒకరికి చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 160 ఉందనుకుందాం, దాన్ని 55 లోపుకు తేవాలి. పెద్ద డోసు పడకపోయినా రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు పడితే 160 దాదాపు 96కు దిగుతుంది. పేగుల్లో కొలెస్ట్రాల్‌ను రక్తంలోకి రానివ్వని ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు జోడిస్తే 77 చేరుతుంది. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది ఆరు శాతమే, ఎజెటిమైబ్‌తో ఇంచుమించు ఇరవై శాతం. ఈ చవకైన మాత్రను చాలా ఆలస్యంగా గుర్తు చేసుకుంటున్నారన్నది మా ఫిర్యాదు.

77 నుంచి 55కు దిగాలంటే ఇంజెక్షన్ కావాలి. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగేసే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయి. పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ వాటిని నాశనం చేస్తుంది. ఎవలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ అనే యాంటీబాడీలు ఆ ప్రోటీన్‌నే పట్టేస్తాయి. సాధారణంగా రెండు వారాలకోసారి చర్మం కింద పొడుచుకుంటే ఎల్‌డీఎల్ సుమారు 60 శాతం పడిపోతుంది. మన లెక్కలో 77 కాస్తా 31 అవుతుంది. స్టాటిన్ అసలే పడనివారికైతే ఎజెటిమైబ్, ఇంజెక్షన్ కలిపి 160ని 51 దాకా తెస్తాయి. ఖరీదు ఎక్కువ, పైగా ఆపేస్తే ఎల్‌డీఎల్ మళ్లీ మొదటికొస్తుంది. నాలుగు వారాలు మాత్ర ఆపి చూడని మనిషికి ఏళ్ల తరబడి ఈ ఇంజెక్షన్ ఎందుకు రాస్తున్నారో డాక్టరే చెప్పాలి.